పైముడతా, కింది ముడతా?

చిరంజీవి మేనకోడలికి,

మిరప రైతుకు నువ్వు రాసి పంపిన జవాబు చదివాను. అందులో తప్పు ఒక్కటీ లేదు. కానీ ఆ రైతు అడిగినది ఇంతే: "మేడమ్, మిరప ఆకులు ముడుచుకుంటున్నాయి. తామర పురుగు మందు రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. ఏం కొట్టాలి?" నీ జవాబులో మొదటి పేజీ అంతా విచక్షణ లేకుండా మందులు కొట్టడం వల్ల వచ్చే అనర్థాల గురించే ఉంది. నువ్వు సూచించిన గంధకం పేరు రెండో పేజీ చివర్లో వచ్చింది. అప్పటికే ఖర్చుపెట్టి దిగులుగా ఉన్న మనిషి అక్కడిదాకా చదవడు. తనను మందలిస్తున్నారనుకుని కాగితం మడిచి, నేరుగా మందుల దుకాణానికి పోతాడు.

మిరపలో ముడత చూసిన అనుభవజ్ఞుడు ముందు మందు గురించి ఆలోచించడు. ఆకు ఎటు ముడుచుకుందో చూస్తాడు. అంచులు పైకి లేచి ఆకు పడవలా కనిపిస్తే అది పైముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి, ఆకు సన్నబడి, కాడ సాగి, రంగు ముదిరితే అది కింది ముడత, తెల్లనల్లి పని. నల్లి పురుగు జాతిది కాదు, సాలీడుకు బంధువు. అందుకే తామర పురుగు మందుల్లో చాలావాటికి అది లొంగదు. పైగా పైరెత్రాయిడ్ మందులు నల్లిని తినే మేలు చేసే జీవులను చంపేస్తాయి. అందుకే వాటిని కొట్టేకొద్దీ నల్లి పెరుగుతుంది.

ఇదంతా తెలిసినవాడు ఆ రైతుకు ముందు ఒక్క ప్రశ్న వేస్తాడు: "ఆకు పైకి ముడుచుకుందా, కిందికా?" రైతు "కిందికి, కాడ కూడా పొడుగైంది" అన్నాడనుకో. అప్పుడు జవాబు ఇలా ఉంటే చాలు:

"అది తెల్లనల్లి, తామర పురుగు మందుకు తగ్గదు. నీటిలో కరిగే గంధకం లీటరు నీటికి 3 గ్రాములు కలిపి, ఎండ తగ్గాక, ఆకుల అడుగుభాగం తడిసేలా కొట్టండి. నూనె మందులతో కలపకండి. ముడుచుకున్న పాత ఆకులు మళ్ళీ విచ్చుకోవు. వారం తర్వాత కొత్త చిగురు చూడండి, అది సాఫీగా వస్తే మందు పనిచేసినట్టే. ఈలోగా పైరెత్రాయిడ్ మందులు ఆపండి, వాటివల్ల నల్లి పెరుగుతుంది."

ఇందులో పాత ఆకులు విచ్చుకోవన్న మాట చూడు. అది రాయకపోతే రైతు మూడోరోజున పాత ఆకునే చూసి, మందు పనిచేయలేదనుకుని ఇంకొకటి తెస్తాడు. చేలో తిరిగిన మనిషికే ఆ మాట రాయాలని తడుతుంది. జవాబిచ్చినవాడికి ఎంత తెలుసో రైతు అక్కడే గ్రహిస్తాడు. ఆకుల అడుగుభాగం తడవాలన్నదీ అలాంటిదే. నల్లి ఉండేది అక్కడే, భూతద్దం లేకుండా కంటికి ఆనదు. ఇక పైరెత్రాయిడ్ మందుల సంగతి. నువ్వు పేజీ నిండా రాసిన హితవు ఇక్కడ ఒక్క వాక్యంలోనే ఉంది. ఆ వాక్యం ఏమి చేయాలో చెప్పి, కారణం పక్కనే పెట్టింది. రైతు చేసింది తప్పని మాత్రం ఎక్కడా అనలేదు.

రైతు "పైకే ముడుచుకుంది" అంటే దారి వేరు. చిగురును తెల్లకాగితం మీద తట్టమనాలి. సన్నటి పురుగులు పాకుతుంటే తామర పురుగులే. పూలు కూడా విప్పి చూడమనాలి. 2021లో ఆంధ్రలోనూ తెలంగాణలోనూ మిరపను ఊడ్చేసిన నల్ల తామర పురుగు ఎక్కువగా పూలలోనే దాక్కుంటుంది. ఆకుల మీదే వెతికితే దాని సంగతి తెలియదు.

కాగితం మీద ఏమీ రాలకుండా, ఆకులు చిన్నవై, ఈనెలు లావెక్కి, మొక్క గుబురుగా గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ కావచ్చు. సోకిన మొక్కను ఏ మందూ బాగుచేయదు. ఆ సంగతి దాచకుండా చెప్పి, అలాంటి మొక్కలు కొద్దిగానే ఉంటే పీకేయమనాలి, తెల్లదోమను అదుపులో పెట్టమనాలి. ఒకే చేలో రెండు మూడు రకాల ముడత కలిసి ఉండటమూ మామూలే. అప్పుడు ఊహించి మందు పేరు రాయకు. ఆకులూ పూలూ కాగితం సంచిలో పెట్టి, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్ళమను.

వారం తర్వాత ఆ రైతు చిగురు ఎలా ఉందో చెప్పడానికి వస్తాడు. నువ్వు చెప్పాలనుకున్న మిగతా సంగతుల్లో ఒకటి, నారుమడి నాటినుంచి నల్లిని ఎలా గమనించాలో, అతను అడిగితే అప్పుడు చెప్పు.

ఇట్లు,
మీ మేనమామ