ఒక పూట మాత్ర తప్పినప్పుడు



యాంటీబయాటిక్ అంటే బ్యాక్టీరియాను చంపే లేదా వాటి పెరుగుదలను ఆపే మందు. డాక్టర్లు తరచుగా రాసే అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం కలిసిన 625 మిల్లీగ్రాముల మాత్రలో మొదటిది బ్యాక్టీరియా గోడను కట్టుకోనివ్వదు; ఆ మందును విరగ్గొట్టడానికి కొన్ని బ్యాక్టీరియాలు తయారుచేసే ఎంజైమును రెండవది అడ్డుకుంటుంది. అమాక్సిసిలిన్ రక్తంలో దాదాపు గంటకు సగం చొప్పున తరిగిపోతుంది కాబట్టి ఒకేసారి ఎక్కువ వేసుకోవడంకన్నా వేళకు వేసుకోవడమే పని చేస్తుంది.

కోట ప్రాంతంలో రొయ్యల గుంట దగ్గర రాత్రి కాపలా ఉండే యువకుడికి ఉదయం 8, రాత్రి 8 గంటలకు ఈ మాత్ర రాశారనుకుందాం. ఉదయం మరిచి మధ్యాహ్నం 12కు గుర్తొస్తే అప్పుడే ఒకటి వేసుకుని, రాత్రిది మామూలుగా 8కే వేసుకోవచ్చు. సాయంత్రం 6కు గుర్తొస్తే తప్పినదాన్ని వదిలేసి, 8కు ఒక్కటే వేసుకోవాలి. రెండు కలిపి మింగడం మాత్రం తగదు, ఎందుకంటే అందువల్ల రోగం త్వరగా తగ్గదు సరికదా, కడుపు బాధ పెరుగుతుంది.

కడుపులో తిప్పడం, విరేచనాలు ఈ మందుతో తరచుగా కనిపించేవే, వాటిలో విరేచనాలకు క్లావులానిక్ ఆమ్లం పాత్ర ఎక్కువ. అన్నం మొదటి ముద్దలతోపాటు మాత్ర వేసుకుంటే వికారం చాలామటుకు తగ్గుతుంది. నీళ్ల విరేచనాలకు ఓఆర్ఎస్ పొట్లంపై చెప్పిన కొలత నీటిలో కలిపి తాగాలి. విరేచనాలు ఆపే మాత్రలను మాత్రం సొంతంగా మింగకూడదు: యాంటీబయాటిక్ మేలుచేసే పేగు బ్యాక్టీరియానూ చంపడంతో క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే హానికర బ్యాక్టీరియా పెరిగే ప్రమాదముంది, అప్పుడు ఆ మాత్రలు కీడు చేయవచ్చు. ఈ సమస్య మందు ఆపిన కొన్ని వారాలకూ బయటపడవచ్చు. విరేచనంలో రక్తం, తీవ్రమైన కడుపునొప్పి, కళ్లు పసుపెక్కడం కనిపిస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయాలి.

కడుపు బాధకు భయపడి రెండు రోజులు మాత్ర మానేసినవారు ఇప్పుడు ఏం చేయాలి? మిగిలినవి తామే మొదలుపెట్టకుండా, ఎన్ని పూటలు మానేశారు, ఎన్ని మాత్రలు మిగిలాయి, జ్వరం ఉందా అన్నది డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పడమే ధర్మం. మందు సరిగ్గా పనిచేయలేదని డాక్టరు పొరబడితే మరింత బలమైన మందు రాయవలసి వస్తుంది, కాబట్టి మొహమాటంతో దాచడమే అసలు నష్టం. కోర్సు ఎంత పొడవుండాలన్నదానిపై వైద్యులలోనే చర్చ సాగుతోంది, కొన్ని ఇన్ఫెక్షన్లకు తక్కువ రోజులే చాలునని తేలింది. అయినా ఆ నిర్ణయం రోగిది కాదు, ఇన్ఫెక్షన్ రకాన్నిబట్టి డాక్టరుది. క్షయ మందులకైతే ఈ లెక్కలేవీ వర్తించవు, అక్కడ తప్పిన ప్రతి పూటనూ చికిత్స కేంద్రానికి తెలియజేయాలి.

స్ట్రిప్‌లో మిగిలిన మాత్రలను పొరుగింటివారికి ఇవ్వవద్దు, మళ్లీ జ్వరం వస్తే వాడడానికి దాచుకోవద్దు. మందుల చీటీతో సహా వాటిని డాక్టరుకు చూపించాలి.