నాలుగో ఇంట శని ఉంటే అమ్మకు దూరంగా ఉండాలా?

ప్రశ్న: నేను 1991 చివర్లో తెల్లవారుజామున పుట్టాను. తులా లగ్నం, పుష్యమి రెండో పాదం. శని మకరంలో, గురువు సింహంలో ఉన్నారు. పుట్టేనాటికి శని దశ ఇంకా పన్నెండేళ్ళు మిగిలి ఉందని జాతకంలో రాశారు. అమ్మ టీచరు. ఆమెకు వేరే ఊళ్ళో ఉద్యోగం కావడంతో నేను ఏడో తరగతి దాకా అమ్మమ్మ దగ్గరే పెరిగాను. నాన్నగారు కాలం చేశాక అమ్మ ఊళ్ళో మా పాత పెంకుటింట్లో ఒక్కతే ఉంటోంది. హైదరాబాదు తీసుకొచ్చి మాతో ఉంచుకుందామనుకుంటే, జాతకం చూసినాయన ‘నాలుగింట శని మాతృగండం, ఒకే ఇంట్లో ఉండకండి’ అన్నారు. మా తమ్ముడి జాతకంలో ఇలాంటిదేమీ లేదట. నేనేం చేయాలి? నాన్ననూ ఈ నాలుగో ఇంటి నుంచే చూస్తారా?
– ఒక పాఠకుడు

సమాధానం: ముందు తమ్ముడి సంగతి తీసుకుందాం. మీ ఇద్దరికీ తల్లి ఒక్కరే. మీ చక్రంలో కనిపించినది ఆవిడ ఆయుర్దాయమే అయితే తమ్ముడి చక్రంలోనూ అది కనిపించాలి. అక్కడ లేదంటే మీ నాలుగో ఇల్లు చెబుతున్నది వేరే విషయం. చతుర్థ భావం ప్రధానంగా జాతకుడు తల్లి వల్ల, ఇంటి వల్ల, బంధువుల వల్ల పొందే సుఖాన్ని చెబుతుంది. అందుకే దానికి మాతృస్థానం, బంధుస్థానం, సుఖస్థానం అని మూడు పేర్లూ ఉన్నాయి. తల్లి ఆయువు గురించి గట్టిగా ఒక మాట చెప్పాలంటే ఆవిడ జాతకమే చూడాలి.

ఇక మీ చక్రం. తుల గడి నుంచి ప్రదక్షిణంగా లెక్కపెడితే వృశ్చికం, ధనుస్సు దాటి నాలుగోది మకరం. తల్లి విషయంలో మూడు చూడాలి: ఆ భావంలో ఎవరున్నారు, భావాధిపతి ఎక్కడున్నాడు, మాతృకారకుడైన చంద్రుడు ఎలా ఉన్నాడు. మూడూ కలిసి చెడినప్పుడే దోషం బలంగా చెప్పాలి. ఒక్క శనిని చూసి తీర్పు చెప్పేయడం దగ్గరే పొరపాటంతా జరుగుతుంది.

మకరంలో ఉన్నది శని. మకరానికి అధిపతీ శనే. అంటే ఆయన మీ నాలుగో ఇంట అద్దెకు దిగినవాడు కాడు, ఇంటి యజమాని. స్వక్షేత్రంలో, కేంద్రంలో ఉన్నాడు కాబట్టి శశయోగం ఏర్పడింది. పైగా తులా లగ్నానికి శని నాలుగు, అయిదు స్థానాలకు అధిపతి. ఒక కేంద్రం, ఒక కోణం ఆయనవే కాబట్టి యోగకారకుడు. మూడోదైన చంద్రుడు కర్కాటకంలో, తన సొంత రాశిలోనే ఉన్నాడు. మూడు పరీక్షల్లోనూ మీ చక్రం నెగ్గింది.

తల్లి ఆయువును కొడుకు చక్రంలో చూసే పద్ధతీ ఒకటి ఉంది. నాలుగో ఇంటినే తల్లికి లగ్నంగా భావించి, అక్కడి నుంచి ఎనిమిదో ఇల్లు చూస్తారు. మకరానికి ఎనిమిదోది సింహం. అక్కడ మీకు గురువున్నాడు. ఆయుష్కారకుడు శనే, ఆయన స్వక్షేత్రంలో ఉన్నాడు. ఈ లెక్క ప్రకారం చూసినా గండం అనడానికి ఆధారం దొరకదు.

మరి మచ్చే లేదా అంటే, ఉంది. మకరంలోని శని, కర్కాటకంలోని చంద్రుడు ఏడో చూపుతో ఒకరినొకరు చూసుకుంటున్నారు. శని దృష్టి పడ్డ చంద్రుడు ప్రేమను తగ్గించడు, ప్రేమ బయటపడే తీరును కట్టడి చేస్తాడు. ఇలాంటి చక్రాల్లో తల్లి బాధ్యత గల మనిషి, కష్టపడే మనిషి. దగ్గరికి తీసుకోవడం మాత్రం తక్కువ. తల్లీబిడ్డల మధ్య ఎడబాటు ఉంటే అది శని దశలోనే తెలియాలి. మీకు శని దశ 2003 చివరి వరకు నడిచింది. అమ్మ వేరే ఊళ్ళో పాఠాలు చెబుతుంటే మీరు అమ్మమ్మ ఇంట్లో పెరిగింది సరిగ్గా ఆ పన్నెండేళ్ళే. నాలుగింటి శని ఇవ్వాల్సిన ముఖ్య ఫలం అప్పుడే ఇచ్చేశాడు. తర్వాత 2020 దాకా బుధ దశ, ఇప్పుడు 2027 దాకా కేతు దశ, ఆపైన లగ్నాధిపతి శుక్రుడిది. శని అంతర్దశలు మధ్యలో వచ్చిపోతాయి గానీ, శని మహాదశ ఈ జన్మలో మళ్ళీ రాదు.

ఇదే శని మకర లగ్నానికి నాలుగింట ఉంటే మేషంలో నీచపడతాడు. అప్పుడు మేషాధిపతి కుజుడు, చంద్రుడు కూడా బలహీనులైతే తల్లి ఆరోగ్యం విషయంలో జాగ్రత్త చెప్పడం సబబే. ‘నాలుగింట శని’ అన్న ఒకే మాటకు లగ్నాన్ని బట్టి ఫలం ఇంతగా మారిపోతుంది. లగ్నం సుమారు రెండు గంటలకోసారి మారుతుంది కాబట్టి, పుట్టిన సమయం ఆసుపత్రి కాగితంతో సరిచూసుకున్నారా లేదా అన్నది కూడా ముఖ్యమే.

తండ్రి సంగతి. మన దక్షిణాదిలో ఎక్కువమంది తొమ్మిదో ఇంటిని పితృస్థానంగా చూస్తారు. పదో ఇంటిని చూసేవారూ ఉన్నారు. తల్లి స్థానమైన నాలుగుకు ఏడోది, అంటే ఆవిడ భర్త స్థానం, పదే కదా అన్నది వారి తర్కం. కారకుల్లోనూ భేదం ఉంది. పగటి పుట్టుకకు రవిని తండ్రిగా, శుక్రుణ్ణి తల్లిగా, రాత్రి పుట్టుకకు శనిని తండ్రిగా, చంద్రుణ్ణి తల్లిగా చూడమని వరాహమిహిరుడు బృహజ్జాతకంలో చెప్పాడు. తల్లిదండ్రులిద్దరి గురించీ సూక్ష్మంగా చూడాలంటే ద్వాదశాంశ చక్రం వేస్తారు. ఏ పద్ధతి పట్టుకున్నా చివరిదాకా దాన్నే పట్టుకోవాలి. భయపెట్టే ఫలం ఎక్కడ దొరికితే అక్కడికి గెంతకూడదు.

ఇక ధర్మం. చదువు ముగించుకుని వెళ్ళే శిష్యుడికి తల్లిని దేవతగా చూసుకోమని తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో గురువు చెబుతాడు. గ్రహాలు బాగుంటేనే చూడు అన్న షరతు అక్కడ లేదు. జ్యోతిషం వేదాంగం, వేదం విధించినదాన్ని రద్దు చేసే అధికారం అంగానికి లేదు. మీ చక్రంలో దోషం నిజంగా ఉన్నా శాంతి చేయించుకోవచ్చు గానీ, తల్లిని ఒంటరిగా వదిలేయడం శాంతి అనిపించుకోదు. వృద్ధులు శని కారకత్వంలోని వారే. పెద్దవయసులో ఉన్న తల్లికి చేసే సేవకన్నా శనిప్రీతి వేరే ఏముంటుంది?

ఒక్క సంగతి మాత్రం గమనించండి. శని పాత ఇళ్ళకు కారకుడు. స్వక్షేత్రంలో ఉన్న శని పాత నేలను అంత తేలిగ్గా వదలనివ్వడు. మీ అమ్మగారు పెంకుటిల్లు విడిచి రానంటే దాన్ని మొండితనం అనుకోకండి. ఇల్లు అమ్మేసి రమ్మని షరతు పెట్టకండి. వానాకాలానికి ముందు పెంకులు సర్దించి, తాళం ఆవిడ చేతికే ఇచ్చి, ఓ రెండు నెలలు ఉండి చూడమని పిలవండి. అక్కడ ఉండాలో ఇక్కడ ఉండాలో ఆవిడే తేల్చుకుంటారు. ఎక్కడున్నా చూసుకోవడం మాత్రం మీ వంతు, మీ తమ్ముడి వంతూను.