‘వాస్తు కుదరలేదండీ’ అనే సులువైన అబద్ధం

ఈసారి చిన్న విషయమే. అద్దె ఇల్లు చూసి వచ్చాక, వద్దనుకుంటే ఓనర్‌కి ఏం చెప్పాలి?

విజయవాడ నుంచి మంగళగిరికి మారదామని ఒక శనివారం పొద్దున్నే ఇల్లు చూడ్డానికి వెళ్లాను. రెండో అంతస్తు, డబుల్ బెడ్రూమ్, అద్దె 12,000, రెండు నెలల అడ్వాన్స్. ఓనర్ గారు రిటైరైన పెద్దాయన. ప్రతి కుళాయీ తిప్పి చూపించారు, ప్రతి ఫ్యానూ వేసి చూపించారు. బాల్కనీలోకి తీసుకెళ్లి, దూరంగా కనిపిస్తున్న లక్ష్మీ నరసింహస్వామి గుడి గాలి గోపురం చూపించి, “పొద్దున లేవగానే దర్శనం బాబూ” అన్నారు. వాళ్లావిడ మజ్జిగ ఇచ్చారు. కిందకి దిగుతుంటే ఆయన ఇంకో మాట చెప్పారు: “రేపు ఇంకో ఫ్యామిలీ వస్తామన్నారు. మీకు నచ్చితే వాళ్లకి వద్దని చెప్పేస్తాను.”

ఇల్లు బాగానే ఉంది. కానీ బెడ్రూమ్‌లో నిలబడ్డప్పుడు ఒక చప్పుడు విన్నాను. టక్, టక్, టక్. పక్కింట్లో మగ్గం. మంగళగిరి చీర షెడ్డుల్లోనే తయారవ్వదు కదా, ఇళ్లల్లో కూడా గుంట మగ్గాలు ఉంటాయి. నేత పగటి వెలుగులో సాగే పని. నాదేమో అమెరికా టీమ్‌తో రాత్రి డ్యూటీ. తెల్లవారాక పడుకుంటాను, అంటే సరిగ్గా నాడె ఆడే వేళకి నా నిద్ర.

ఆయన్ని అడిగితే “ఆలోచించి చెప్తానండీ” అని వచ్చేశాను. అప్పటికే వద్దనుకున్నాను. కాబట్టి ఆ మాట కూడా పూర్తి నిజం కాదు.

సాయంత్రం ఒక ఫ్రెండ్‌కి చెప్తే వాడు నవ్వాడు. “ఇంత ఆలోచన ఎందుకురా? వాస్తు కుదరలేదని మెసేజ్ పెట్టెయ్. ఎవరూ తిరిగి అడగరు.”

నిజమే, ఎవరూ అడగరు. అద్దె ఎక్కువంటే ఆయన తగ్గించొచ్చు. ఒక వెయ్యి తగ్గించి, “11,000కి వచ్చెయ్ బాబూ” అంటే నేనేం చెప్తాను? ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. వాస్తుకి అలాంటి ఇబ్బంది లేదు. గుమ్మం ఎటు ఉందో అటే ఉంటుంది, బేరం ఆడ్డానికి ఏమీ ఉండదు. మనవాళ్లు దాన్ని అంత తేలిగ్గా వాడేది అందుకే.

కానీ ఆ మాట ఆయన ఇంట్లోకి వెళ్లాక ఏం చేస్తుందో ఆలోచించండి. వాళ్లావిడ ఆ రాత్రి వంటగది వైపు అనుమానంగా చూస్తారు. ఎవరో సిద్ధాంతిని పిలుస్తారు. ఆయనొచ్చి గోడ కొట్టమనో, మెట్లు మార్చమనో అనొచ్చు. మాట వీధిలో పాకితే తర్వాత వచ్చేవాళ్లు కూడా జంకుతారు. నేను ఒక ఇబ్బందికరమైన ఫోన్ కాల్ తప్పించుకోవడానికి, వాళ్లు నమ్మే విషయాన్ని వాళ్ల మీదే ప్రయోగించినట్టు. వాస్తు మీద నమ్మకం నిజంగా ఉండి, నిజంగా అదే కారణమైతే అది వేరే సంగతి. లేనప్పుడు అది దేవుడి పేరు చెప్పి తప్పించుకోవడం లాంటిదే.

పోనీ అసలేమీ చెప్పకుండా ఊరుకుంటే? లెక్క చూద్దాం. 12,000 అద్దె అంటే రోజుకి 400. నా జవాబు కోసం ఆయన వారం ఆగితే 2,800 పోయినట్టే. అదే ఆషాఢం ముందు రోజులైతే మరీ కష్టం. ఆషాఢంలో చాలామంది కొత్త ఇంట్లో చేరరు కాబట్టి, వారం ఆలస్యం నెల ఖాళీగా మారొచ్చు. నా మొహమాటానికి డబ్బు కట్టేది ఆయనన్నమాట.

గీత 17వ అధ్యాయంలో 15వ శ్లోకం మాటకి సంబంధించిన తపస్సు గురించి చెప్తుంది. మాట ఎదుటివాళ్లని కలవరపెట్టకూడదు, నిజమై ఉండాలి, ప్రియంగా ఉండాలి, మేలు చెయ్యాలి. ఈ నాలుగూ ఒకే మాటలో ఉండాలన్నది అక్కడ అసలు కష్టం. వాస్తు అబద్ధం కలవరపెడుతుంది. మౌనం మేలు చెయ్యదు. “మీ ఇంట్లో ఒకటే గోల” అంటే నిజమే, ప్రియం మాత్రం కాదు.

అందుకే నాలో నేను ఒక ప్రశ్న వేసుకున్నాను: ఏ ఒక్కటి మారితే ఈ ఇల్లు తీసుకుంటాను? వంటగది చిన్నది, పార్కింగ్ ఇరుకు, ఇవన్నీ ఉన్నాయి. అవి మారినా తీసుకోను. చప్పుడు లేకపోతే తీసుకుంటాను. కాబట్టి కారణం అదొక్కటే. మిగతావి చెప్తే ఆయన ఇంటికి లోపాల జాబితా ఇచ్చినట్టవుతుంది.

పెద్దాయన కదా అని మెసేజ్ కాకుండా ఆ రాత్రే ఫోన్ చేశాను.

“నమస్తే అండీ. పొద్దున ఓపిగ్గా ఇల్లంతా చూపించారు, అమ్మగారు మజ్జిగ ఇచ్చారు, చాలా థాంక్సండీ. ఇల్లు తీసుకోవడం లేదండీ. నాది రాత్రి డ్యూటీ, పగలు పడుకోవాలి. పక్కన మగ్గం చప్పుడుకి నాకు నిద్ర పట్టదు. రేపు వస్తామన్నవాళ్లకి చూపించెయ్యండి.”

ఒక్క క్షణం అటు నుంచి మాట లేదు. తర్వాత మెల్లగా అన్నారు, “ఆ మగ్గం మా తమ్ముడిదే బాబూ.”

గొంతు తడారిపోయింది. ఆ క్షణంలో వాస్తు అని ఉంటే బాగుండేదనిపించింది కూడా. కానీ ఆ వాక్యంలో తప్పు మగ్గానిది కాదు, వేళ కాని వేళ పడుకునే నాది. అదే చెప్పాను: “ఆయన పని ఆయన వేళకే చేస్తున్నారండీ. నా నిద్రకే వేళాపాళా లేదు.”

ఆయన నవ్వారు. “ముందు గదిలో పడుకోవచ్చుగా?” అని అడిగారు. అది రోడ్డు వైపు గది. ఇక్కడే మనం జారిపోతాం. ఒక కారణానికి జవాబు వచ్చింది కదా అని పార్కింగ్‌నీ వంటగదినీ బయటికి తీస్తాం. నేను ఇంకో కారణం కలపలేదు. “అక్కడా పగలు నాకు నిద్ర కుదరదండీ” అని, ఇంకోసారి థాంక్స్ చెప్పాను. “సరేలే బాబూ, ఇకమీద రాత్రి డ్యూటీ వాళ్లు ఫోన్ చేస్తే ముందే చెప్తాను” అన్నారు. నిజమైన కారణానికి ఉన్న ఉపయోగం అదే. ఆయన దాన్ని వాడుకోగలరు.

ఒక్కోసారి ఇల్లు నచ్చుతుంది, ఓనర్ మాట తీరే నచ్చదు. “మీరేమిట్లు?” అని కులం ఆరా తీసేవాళ్లు ఇంకా ఉన్నారు. ధైర్యం ఉంటే, “ఆ ప్రశ్న నచ్చలేదండీ, అందుకే వద్దనుకున్నాం” అనడం కూడా ఒక్క వాక్యంలో చెప్పే నిజమే. చెప్పలేకపోతే “మాకు కుదరదండీ, చూపించినందుకు థాంక్స్” చాలు. కారణం చెప్పకపోవడం అబద్ధం కాదు. లేని కారణం పుట్టించడమే అబద్ధం.

ఆ తర్వాత వారం కొండ మీద పానకాల స్వామి దగ్గరికి వెళ్లాను. అక్కడ స్వామి మనమిచ్చిన పానకంలో సగం తీసుకుని, మిగతాది ప్రసాదంగా తిరిగి ఇచ్చేస్తాడని నమ్మకం. బిందె పట్టుకుని మెట్లు దిగుతుంటే ఆ ఇంటి వీధి గుర్తొచ్చింది. వచ్చేటప్పుడు అటువైపు నుంచే వచ్చాను. టులెట్ బోర్డు లేదు. మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది.