పత్రిక అనే ఆరు నొక్కులు

రాయ్‌పూర్‌లో ఆఫీసు పని కోసం హిందీ టైపింగ్ నేర్చుకునే తెలుగువాళ్లకు ఒక శుభవార్త. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో హిందీకీ తెలుగుకీ అక్షరాల చోట్లు దాదాపు ఒకటే. చూపుడువేళ్లను F, J మీది చిన్న గీతలపై ఆనించండి. ఇప్పుడు "పత్రిక" కొట్టండి: H, L, D, J, F, K. మధ్య వరుస దాటనక్కర్లేదు. D పొల్లు ఇస్తుంది, F గుడి ఇస్తుంది. హిందీలోకి మార్చి ఇవే కీలు కొట్టి చివర E చేరిస్తే "పత్రికా" అవుతుంది.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం కూర్చుని మూడు గంటలు కొడితే అలసిన వేళ్లకు తప్పులే అలవాటవుతాయి. బ్రిటన్ తపాలా ఉద్యోగులపై జరిపి 1978లో ప్రచురించిన పరిశోధనలోనూ, రోజుకు గంట నేర్చుకున్నవాళ్లకే నాలుగు గంటలవాళ్లకంటే మొత్తమ్మీద తక్కువ గంటలు పట్టింది.

పెద్దవాళ్లను వెనక్కి లాగేది వేగం మీద ఆత్రమే. వంద నొక్కుల్లో ఐదుకు మించి తప్పులొస్తే నెమ్మదించండి. కళ్లు కీలమీదికి జారుతుంటే చేతులపై పలుచటి తువ్వాలు కప్పండి. మొదటి వారాల్లో ఆఫీసు పని మందగిస్తుంది. అందుకే తొందర లేని ఉత్తరాలతో మొదలుపెట్టండి.