ల్యాప్‌టాప్ కొనబోయే మేనల్లుడికి

చిన్నా,

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోగా కొత్త ల్యాప్‌టాప్ కొంటున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. షాపువాడు చూపించిన గేమింగ్ మోడల్ మీద మనసు పడ్డావని కూడా చెప్పింది. ప్రాసెసర్ పెద్దదైతే పని దానంతటదే నడుస్తుందని నీ వయసు కుర్రాళ్లు చాలామంది అనుకుంటారు. పెళ్లిళ్లు తీసేవాడికి ప్రాసెసర్ కంటే ముందు చూసుకోవలసినవి కొన్నున్నాయి. నువ్వు తీసిన ఫొటో కెమెరా కార్డులోంచి బయల్దేరి ఆల్బమ్‌లో అతుక్కునేదాకా ఏ దారిన పోతుందో చూడు. ఆ దారిలో ఎక్కడ ఇరుకుందో అక్కడే డబ్బు పెట్టు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ఒక పెళ్లిని తీసుకుని లెక్క వేద్దాం.

నీ కెమెరా 24 మెగాపిక్సెళ్లది. కంప్రెస్ చేసిన రా ఫైలు ఒక్కోటి సుమారు 30 ఎంబీ వస్తుంది. పెళ్లికొడుకుని చెయ్యడం, ముహూర్తం, రిసెప్షన్, అన్నీ కలిపి రెండు కెమెరాల మీద 4000 ఫొటోలు అనుకో. 120 జీబీ అయింది. వీడియో ఇందులో లేదు. జేపెగ్‌లో తీస్తే ఇందులో సగం కూడా రాదు, నిజమే. కానీ మండపంలో పచ్చబల్బు ఒకవైపు, ఎల్‌ఈడీ గోడ ఒకవైపు, వీడియోవాళ్ల లైటు ఇంకోవైపు ఉన్నప్పుడు పెళ్లికూతురి ముఖం రంగు తర్వాత సరిచేసుకునే వీలు రాలోనే ఉంటుంది. కాబట్టి రా మానొద్దు. దాని బరువు మోసే ఏర్పాటు చేసుకో.

ముందు కార్డు సంగతి. ఇప్పుడొచ్చే సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎస్‌డీ కార్డు పెట్టే చోటే లేదు. ఉన్నవాటిలో కూడా కొన్నిట్లో ఆ స్లాటును లోపల పాత యూఎస్‌బీ 2 వేగానికే కలిపి వదిలేస్తారు. ఆ వేగం సెకనుకు 35, 40 ఎంబీ దాటదు. అంటే మన 120 జీబీ ఎక్కడానికి దాదాపు గంట. యూహెచ్‌ఎస్-1 కార్డును మంచి రీడర్‌లో పెడితే సెకనుకు 90 ఎంబీ దాకా వస్తుంది, ఇరవై రెండు నిమిషాల్లో అయిపోతుంది. కార్డు, రీడర్ రెండూ యూహెచ్‌ఎస్-2 అయితే ఎనిమిది, పది నిమిషాల పని. ఏ కార్డు ఏదో తెలుసుకోవడానికి వెనక్కి తిప్పి చూడు. బంగారు రంగు కాంటాక్టులు ఒకే వరుస ఉంటే యూహెచ్‌ఎస్-1, కింద రెండో వరుస కూడా ఉంటే యూహెచ్‌ఎస్-2. అందుకని స్లాటు లేదని మంచి ల్యాప్‌టాప్‌ను వదులుకోవద్దు, స్లాటు ఉందని ఏదిపడితే అది కొనొద్దు. బయట పెట్టుకునే యూఎస్‌బీ 3 రీడర్ ఒకటి మంచిది కొను. రేపు ల్యాప్‌టాప్ మార్చినా అది నీతోనే వస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది, చాలామంది గమనించరు. టైప్-సీ వైర్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గాని, ఫోన్ చార్జర్‌తో వచ్చేవాటిలో ఎక్కువ భాగం యూఎస్‌బీ 2 వేగానివే. కొత్త రీడర్ పెట్టినా కాపీ విండోలో వేగం 35, 40 దగ్గరే గీత గీసినట్టు ఆగిపోతే రీడర్‌ను తిట్టకు. ముందు వైరు మార్చు, తర్వాత పోర్టు మార్చి చూడు.

కార్డు పెట్టేటప్పుడు ఈ అలవాటు చేసుకో నాయనా. ఎస్‌డీ కార్డు ఎడమ అంచున చిన్న బుడిపె ఉంటుంది. దాన్ని కిందికి, లాక్ వైపు, జరిపి అప్పుడు రీడర్‌లో పెట్టు. ఇక ల్యాప్‌టాప్ దాని మీద ఏమీ రాయలేదు, పొరపాటున ఏదీ చెరపలేదు. ఎప్పుడూ కాపీ చెయ్యి, కట్ చెయ్యకు. కట్ చేస్తే ఎక్కిన ఫైలు ఎక్కినట్టే కార్డులోంచి పోతుంది. మధ్యలో వైరు కదిలిందంటే సగం అక్కడ, సగం ఇక్కడ ఉండి, ఏది ఎక్కిందో ఏది పోయిందో తేల్చుకోలేక కూర్చోవాలి.

కార్డులోంచి ఫొటోలు వచ్చి పడేది లోపలి ఎస్‌ఎస్‌డీ మీద. షాపులో ఎక్కువగా చూపించేది 512 జీబీ. అది విండోస్‌లో 476 అనే కనిపిస్తుంది. విండోస్, లైట్‌రూమ్, ఫొటోషాప్, వాటి ప్రివ్యూలు కలిపి నూటపాతిక దాకా తింటాయి. డిస్కు నిండేకొద్దీ నెమ్మదిస్తుంది కనుక ఓ ఎనభై ఖాళీగా ఉంచాలి. మిగిలేది 270, అంటే రెండు పెళ్లిళ్లు. మన దగ్గర పెళ్లివారు ఆల్బమ్‌కి ఫొటోలు ఏరి ఇచ్చేసరికి నెలలు పడుతుందని నీకు తెలియంది కాదు. సీజన్‌లో అరడజను పెళ్లిళ్లు ఒకేసారి చేతిలో ఉంటాయి. కాబట్టి 1 టీబీ తప్పనిసరి. డబ్బు చాలకపోతే 512దే తీసుకో, కానీ రెండో ఎస్‌ఎస్‌డీ పెట్టుకునే స్లాటు లోపల ఉన్న మోడల్ తీసుకో. ర్యామ్ సంగతి కూడా ఇలాగే అడుగు. 16 జీబీ లేనిదే దిగొద్దు. కొన్ని మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకోలేవు. అలాంటిదైతే మొదట్లోనే 32 తీసుకో. గ్రాఫిక్స్ కార్డు నీకు అక్కరకొచ్చేది ముఖ్యంగా చీకట్లో తీసినవాటి నాయిస్ తీసేటప్పుడు. అది లేకపోతే ఒక్కో ఫొటోకి నిమిషాలు పడుతుంది. ఆ పని రోజూ ఉంటేనే దానికి డబ్బు పెట్టు.

ఇక స్క్రీన్. షాపువాడు దీని గురించి చెప్పడు, నువ్వే అడగాలి. వివరాల పట్టికలో 45% NTSC అని రాసుంటే ఆ ల్యాప్‌టాప్ నీకు పనికిరాదు. 100% sRGB అని ఉండాలి, ఐపీఎస్ ప్యానెల్ అయ్యుండాలి. ఎందుకో తలంబ్రాల ఫొటో పట్టుకుని చూడు. పెళ్లికూతురిది మీగడ తెలుపు మధుపర్కం, దానికి ఎర్రటి అంచు, చేతుల్లో పసుపు కలిపిన బియ్యం. 45 శాతం స్క్రీన్ ఆ ఎరుపును చూపించలేదు, వెలిసిపోయిన ఇటుక రంగులా చూపిస్తుంది. నీకేమో చప్పగా ఉందనిపిస్తుంది, రంగు పెంచుతావు. ఇంకా చాలలేదని మళ్లీ పెంచుతావు. ప్రింటయి వచ్చాక చూస్తే అంచులో నేత, జరీ ఏవీ ఉండవు, ఎర్రటి ముద్ద ఒకటి ఉంటుంది. పసుపు బియ్యం నారింజ రంగు తిరిగి ఉంటుంది.

మంచి స్క్రీన్ కొన్నంత మాత్రాన సరిపోదు, దాన్ని క్యాలిబ్రేట్ చెయ్యాలి. స్పైడర్, క్యాలిబ్రైట్ అనే పేర్లతో పరికరాలు దొరుకుతాయి. స్క్రీన్ మీద ఆనించి పెడితే అది రంగులు ఒక్కొక్కటిగా చూపించి, కొలిచి, తేడాలను ఒక ప్రొఫైల్ ఫైలుగా రాసిపెడుతుంది. ల్యాప్‌టాప్ ఆన్ చేసి అరగంట ఆగాక మొదలుపెట్టు. చార్జర్ పెట్టి ఉంచు. Night light ఆపు, వెలుతురును బట్టి దానంతటదే బ్రైట్‌నెస్ మార్చుకునే సెట్టింగు ఆపు. కిటికీ ఎండ స్క్రీన్ మీద పడకూడదు. లక్ష్యాలు అడిగిన చోట వైట్ పాయింట్ 6500 కెల్విన్, గామా 2.2, వెలుగు 100 నుంచి 120 నిట్ల మధ్య పెట్టు.

ఆ చివరి అంకె దగ్గర నీకు ఇబ్బందిగా ఉంటుంది. కొత్త స్క్రీన్ 300 నిట్లతో ధగధగలాడుతుంటే 120కి దించగానే మసకేసినట్టుంటుంది. రెండు రోజులు ఓపిక పట్టు, కన్ను అలవాటు పడుతుంది. ల్యాబ్ నుంచి ఆల్బమ్ చీకటిగా వచ్చిందని మన ఫొటోగ్రాఫర్లు గోల పెట్టే సందర్భాల్లో ఎక్కువసార్లు ల్యాబ్ తప్పు ఉండదు. మితిమీరిన వెలుగులో కూర్చుని ఎడిట్ చేసినవాడికి ఫొటో ఎక్కువ తెల్లగా కనిపిస్తుంది, తగ్గిస్తాడు. కాగితానికి సొంత వెలుగు లేదు కదా, నల్లగా వస్తుంది. క్యాలిబ్రేషన్ అయ్యాక నీ ల్యాబ్‌కి ఐదారు ఫొటోలు, ముఖాలు, తెల్లబట్టలు, పట్టుచీరలు ఉన్నవి, sRGB జేపెగ్‌లుగా పంపి, వాళ్ల కరెక్షన్ ఏమీ లేకుండా ప్రింటు వెయ్యమను. వాటిని పగటి వెలుతురులో స్క్రీన్ పక్కన పెట్టి చూడు. రంగులు కలిసి, మొత్తం మాత్రం చీకటిగా ఉంటే నీ స్క్రీన్ వెలుగు ఇంకా ఎక్కువన్నమాట. చీకటి లేకుండా ఒక రంగు వైపు మొగ్గితే ప్రొఫైల్ సరిగా ఎక్కిందో లేదో చూసుకుని, అప్పుడు ల్యాబ్‌వాళ్లని అడుగు. నెలకోసారి మళ్లీ కొలుచుకో. ఒక్కటి గుర్తుపెట్టుకో. క్యాలిబ్రేషన్ ఉన్న రంగుల్ని సరిదిద్దుతుంది గాని, ప్యానెల్‌కి లేని రంగుల్ని తెచ్చిపెట్టలేదు. అందుకే ప్యానెల్ ముందు, పరికరం తర్వాత.

చివరిది దాచుకోవడం. ఏడాదికి పాతిక పెళ్లిళ్లు అనుకుంటే 3 టీబీ. ఇది ల్యాప్‌టాప్‌లో పట్టదు, పట్టించాలని చూడకు కూడా. 4 టీబీ బయటి హార్డ్‌డిస్కులు రెండు కొను. ఒకటి స్టూడియోలో, రెండోది అమ్మ దగ్గర ఇంట్లో ఉండాలి. రెండూ ఒకే బ్యాగులో పెట్టుకుని తిరిగితే ఆ బ్యాగు పోయిన రోజు రెండూ పోతాయి. పెళ్లి నుంచి రాగానే ఎస్‌ఎస్‌డీ మీదికి ఒక కాపీ, అక్కణ్ణుంచి హార్డ్‌డిస్కు మీదికి రెండోది. ఈ రెండూ అయ్యేదాకా కార్డు ఫార్మాట్ చెయ్యొద్దు. ఫైళ్ల సంఖ్య సరిపోయిందని కూడా నమ్మకు. లైట్‌రూమ్‌లో పూర్తి సైజు ప్రివ్యూలు కట్టించు. అలా కట్టేటప్పుడు ప్రతి ఫైలునూ అది తెరవాల్సి వస్తుంది. చెడిపోయినది ఉంటే సగం బూడిదరంగు పట్టీగానో, ఊదారంగు గీతలతోనో బయటపడుతుంది. కార్డు ఇంకా చేతిలోనే ఉంది కనుక ఆ ఫొటోను మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఏళ్ల తరబడి బీరువాలో పెట్టేయడానికి మాత్రం ఎస్‌ఎస్‌డీ వాడకు. కరెంటు లేకుండా అంతకాలం ఉంటే అందులో డేటా నిలుస్తుందన్న భరోసా లేదు. దానికి హార్డ్‌డిస్కే మేలు, అదీ ఏడాదికోసారి తగిలించి చూసుకోవాలి.

కాబట్టి షాపువాడు చూపించిన గేమింగ్ మోడల్ బదులు ప్రాసెసర్‌లో ఒక మెట్టు కిందిది తీసుకో. మిగిలిన డబ్బుతో రీడర్, రెండు డిస్కులు వచ్చేస్తాయి. క్యాలిబ్రేటర్ ఒక్కడివే కొనలేకపోతే నీ మిత్రులతో కలిసి కొనుక్కో, నెలకోసారి పనే కదా. షాపుకి వెళ్లేటప్పుడు నీ కార్డు, ఏదైనా రా ఫైళ్లతో నిండినది, రీడర్‌తో సహా జేబులో వేసుకెళ్లు. వాళ్ల ఎదుటే ఓ 20 జీబీ కాపీ చేసి వేగం చూడు. ఇంకో మాట, ఒకే పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లో రెండు మూడు రకాల ప్యానెళ్లు ఉంటాయి. తేడా తెలిసేది పెట్టె మీది పూర్తి మోడల్ నంబరులోనే. డబ్బు కట్టే ముందు ఆ నంబరు ఫొటో తీసి నాకు పంపు. ఏ ప్యానెలో చూసి చెబుతాను.

నీ మావయ్య