జపమాల నడుమ ప్రకటన

మీ విచారణ యువత యూట్యూబులో జపమాల ప్రసారం చేస్తున్నారనుకోండి. మధుమేహం నయం చేస్తుందనే తైలం అమ్మేవారు వచ్చి, "నెలకు 20,000 ఇస్తాం, జపం చివర ఫాదర్ గారి నోట ఒక్క మాట చెప్పించండి, డబ్బు సంగతి ఎత్తకండి" అన్నారు. దీన్ని పుచ్చుకోరాదు. అటువంటి ప్రకటనను 1954 నాటి చట్టమే నిషేధించింది. పైగా గురువు మాట నమ్మి రోగి మాత్రలు మానేయవచ్చు.

ఊరి కొవ్వొత్తుల దుకాణం సాయం చేస్తే తీసుకోవచ్చు, దాచకూడదు. యూట్యూబులో "పెయిడ్ ప్రమోషన్" గడి నింపితే ఆ సంగతి తెరపై కొద్ది క్షణాలే కనిపిస్తుంది. కళ్లు మూసుకుని జపించే అవ్వకు అది కనబడదు గదా! జపానికి ముందే నోటితో చెప్పాలి. పూజ కానుకల్లో వ్యాపారపు ఛాయ సైతం ఉండరాదని తిరుసభ చట్టం 947వ శాసనం అంటుంది. అందుచేత దివ్యబలిపూజ ప్రసారంలో ఆ దుకాణం పేరు కూడా వద్దంటాను.