అశోకుడి మతం రాతిమీద ఉంది, కులం లేదు

మన పత్తికొండ దగ్గర రాజుల మందగిరిలో, జొన్నగిరి పక్కన ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. రాసి 2200 ఏళ్లు దాటింది. "అశోకుడు మా కులమోడే" అని ఎవరన్నా అంటే, ముందు ఆ రాతినే అడగండి.

ఉపాసకుణ్ణి అయ్యానని, మొదటి ఏడాది పెద్దగా పాటుపడలేదని, సంఘానికి దగ్గరయ్యాకే గట్టిగా శ్రమించానని ఎర్రగుడి శాసనంలో ఆయనే చెప్పుకున్నాడు. బౌద్ధుడనడానికి ఇక ఊహతో పనిలేదు.

మరి కులం? అది ఆయన శాసనాల్లో ఎక్కడా లేదు. మహావంశం మౌర్యులను క్షత్రియులంటుంది. ముద్రారాక్షసం నాటకంలో చాణక్యుడు అశోకుడి తాత చంద్రగుప్తుణ్ణి వృషలా అని పిలుస్తాడు. ఆ మాటకు శూద్రుడని అర్థం. ఈ రెండూ అశోకుడు పోయిన వందల ఏళ్లకు రాసినవే. ఒకదానితో ఒకటి పొసగవు కూడా.

మహావంశం బౌద్ధ గ్రంథం కదా, దాన్నే నమ్ముదామంటారేమో. ధమ్మాన్ని నిలిపిన రాజుకు గొప్ప వంశం చూపించాలని దాన్ని రాసిన భిక్షువుకూ అనిపించి ఉండొచ్చు. మన పుస్తకమని తూకం మార్చకూడదు.

అందుకే సభలో మాట్లాడేటప్పుడు "అశోకుడు క్షత్రియుడు" అనకండి, "శూద్రుడు" అనీ అనకండి. "మహావంశం ఇలా అంటోంది, నాటకం అలా అంటోంది, శాసనం ఏమీ చెప్పలేదు" అనండి.